రెండు భవనాల మధ్య ఫైబర్ లింకు: సింగిల్‌మోడా, మల్టీమోడా? దానికి ఏ ఎస్‌ఎఫ్‌పి?

6.1 సమస్య

ఒక డిగ్రీ కళాశాలను ఊహించుకోండి. పరిపాలనా భవనంలో సర్వర్ గది ఉంది. ఆవరణ రెండో చివర కొత్తగా గ్రంథాలయ భవనం కట్టారు. అందులో 60 కంప్యూటర్లు, కొన్ని సీసీ కెమెరాలు, వైఫై పరికరాలు ఉంటాయి. ఈ రెండు భవనాల నెట్‌వర్కులను కలపాలి. రాగి కేబుల్ 100 మీటర్లు దాటి పనిచేయదని వెనుకటి భాగంలో చదువుకున్నాం. దూరం ఒక్కటే కారణం కాదు. రెండు భవనాల ఎర్తింగ్ వేరువేరుగా ఉంటుంది. పిడుగు పడినప్పుడు వాటి మధ్య ఏర్పడే వోల్టేజి తేడా రాగి తీగ వెంట నేరుగా స్విచ్‌లోకి వస్తుంది. గాజు తంతువు విద్యుత్తును ప్రసారం చేయదు. అందువల్ల ఇక్కడ ఫైబర్ వేయాలన్న విషయంలో సందేహం లేదు.

సందేహం ఎలాంటి ఫైబర్ అన్నదే. కళాశాలకు రెండు కొటేషన్లు వచ్చాయి. మొదటి దానిలో ఓఎం3 రకం మల్టీమోడ్ కేబుల్, దానికి 1 గిగాబిట్ ఎస్ఎక్స్ మాడ్యూళ్లు ఉన్నాయి. రెండో దానిలో ఓఎస్2 రకం సింగిల్‌మోడ్ కేబుల్, 1 గిగాబిట్ ఎల్ఎక్స్ మాడ్యూళ్లు ఉన్నాయి. ఏది వేసినా మొదటి రోజున లింకు దీపం పచ్చగానే వెలుగుతుంది. ఎంపికలోని కష్టం కూడా అక్కడే ఉంది, ఎందుకంటే తప్పు చేసినా అది ఆ రోజు కనబడదు. కేబుల్ కోసం ఆవరణలోని సిమెంటు రోడ్డును ఒకసారి తవ్వుతారు. అయిదేళ్ల తర్వాత వేగం పెంచాల్సి వచ్చినప్పుడు మాడ్యూలును రెండు నిమిషాల్లో తీసి వేరొకటి పెట్టవచ్చు. రోడ్డు విషయంలో అలా కుదరదు.

6.2 ముందుగా దారిని కొలవాలి

ఫోనులోని మ్యాపులో చూస్తే ఈ రెండు భవనాల మధ్య దూరం 190 మీటర్లు. కేబుల్ మాత్రం గాలిలో తిన్నగా వెళ్లదు. రోడ్డు అంచు వెంట, చెట్ల వేర్లను, నీటి పైపులను తప్పించుకుంటూ వెళ్లే కందకం పొడవు 245 మీటర్లు వచ్చింది. ఒక భవనంలో రెండో అంతస్తుకు, మరో భవనంలో మొదటి అంతస్తు చివరి గదికి చేరడానికి ఇంకో 30 మీటర్లు కావాలి. భవిష్యత్తులో తెగితే లాక్కుని అతికించుకోవడానికి ప్రతి చివరా 10 మీటర్ల చుట్టను, మధ్యలోని గుంటలో 15 మీటర్ల చుట్టను వదిలిపెట్టాలి. అన్నీ కలిపితే:

245 + 30 + 20 + 15 = 310 మీటర్లు

లెక్క మొదలుపెట్టాల్సింది ఈ 310తోనే గాని 190తో కాదు. చాలా కొటేషన్లలో పొరపాటు ఈ దశలోనే దొర్లుతుంది. 190 మీటర్లకు సరిపోయే జవాబు 310 మీటర్లకు సరిపోకపోవచ్చు. ఎందుకో తెలియాలంటే తంతువు లోపల ఏం జరుగుతుందో చూడాలి.

6.3 కాంతి ఎందుకు చెదురుతుంది?

రెండు రకాల ఫైబర్‌లోనూ గాజు తంతువు వెలుపలి వ్యాసం 125 మైక్రాన్లే. తేడా అంతా మధ్యలో కాంతి ప్రయాణించే కోర్‌లో ఉంది. ఓఎం2, ఓఎం3, ఓఎం4 రకాల మల్టీమోడ్‌లో కోర్ వ్యాసం 50 మైక్రాన్లు. పాతదైన ఓఎం1లో అది 62.5 మైక్రాన్లు. సింగిల్‌మోడ్‌లో సుమారు 9 మైక్రాన్లు మాత్రమే.

కోర్ వెడల్పుగా ఉన్నప్పుడు కాంతికి లోపల అనేక దారులు దొరుకుతాయి. కొంత కాంతి నడిమధ్య నుంచి తిన్నగా వెళుతుంది, కొంత పక్కలకు వంగుతూ పోతుంది. ఈ ఒక్కో దారినే మోడ్ అంటారు. ఒకేసారి బయలుదేరిన కాంతి వేర్వేరు దారుల్లో వెళ్లి కొద్ది తేడాతో చేరుతుంది. అంటే పంపినప్పుడు సన్నగా ఉన్న కాంతి స్పందనం చేరేసరికి వెడల్పవుతుంది. దూరం పెరిగేకొద్దీ ఆ వెడల్పూ పెరిగి, ఒక బిట్ తోక పక్క బిట్ మీద పడుతుంది. కోర్‌లో వక్రీభవన గుణకాన్ని మధ్య నుంచి అంచుకు క్రమంగా తగ్గించి ఈ తేడాను చాలావరకు సరిదిద్దుతారు. ఓఎం2 కంటే ఓఎం3, దానికంటే ఓఎం4 మెరుగ్గా ఉండటానికి కారణం ఈ దిద్దుబాటు మరింత కచ్చితంగా ఉండటమే. అయితే తేడా పూర్తిగా మాత్రం పోదు. సింగిల్‌మోడ్‌లో కోర్ ఎంత సన్నగా ఉంటుందంటే, అది వాడే తరంగదైర్ఘ్యాల వద్ద కాంతికి ఒకే దారి ఉంటుంది. అందువల్ల ఈ రకం చెదురుడు అక్కడ లేనే లేదు.

ఇక్కడ ఒక విషయం గట్టిగా పట్టుకోవాలి. 1 గిగాబిట్ లింకులో ఒక్కో బిట్‌కు తంతువులో దొరికే సమయం 0.8 నానోసెకన్లు. 10 గిగాబిట్‌లో అది దాదాపు 0.1 నానోసెకన్‌కు పడిపోతుంది. ఫైబర్ అదే, దూరం అదే, చెదురుడూ అంతే. మొదటి సందర్భంలో అది పట్టించుకోనక్కరలేనంత చిన్నది, రెండో సందర్భంలో బిట్‌ను మింగేసేంత పెద్దది. అందుకే మల్టీమోడ్‌లో వేగం పెంచగానే దూరం ఒక్కసారిగా తగ్గిపోతుంది. ఇది కాంతి బలహీనపడటం వల్ల వచ్చిన పరిమితి కాదు కాబట్టి, ఎక్కువ శక్తిగల లేజరు పెట్టినా తీరదు.

ఐఈఈఈ ప్రమాణాలు ఇచ్చిన దూరాలను మన 310 మీటర్లతో పోల్చి చూడండి. 1 గిగాబిట్ ఎస్ఎక్స్ మాడ్యూలు 50 మైక్రాన్ల మల్టీమోడ్ మీద 550 మీటర్లు వెళుతుంది. మనకు బాగా సరిపోతుంది. 10 గిగాబిట్ ఎస్ఆర్ మాడ్యూలుకు ఓఎం2 మీద 82 మీటర్లు, ఓఎం3 మీద 300 మీటర్లు, ఓఎం4 మీద 400 మీటర్లు ఇచ్చారు. అంటే మొదటి కొటేషన్‌లోని ఓఎం3 కేబుల్ ఈనాటి 1 గిగాబిట్‌కు సరిపోయినా, రేపటి 10 గిగాబిట్‌కు 10 మీటర్లు తక్కువ పడుతుంది. సింగిల్‌మోడ్ మీద 10 గిగాబిట్ ఎల్ఆర్ మాడ్యూలు 10 కిలోమీటర్లు వెళుతుంది.

పది మీటర్లకే లింకు ఆగిపోతుందా అని మీరు అడగవచ్చు. ఆగకపోవచ్చు. ప్రమాణంలోని దూరాలు అన్నీ అధ్వానంగా ఉన్నాయనుకుని వేసినవి. కాబట్టి దీపం వెలగవచ్చు, కొన్నాళ్లు బాగానే నడవవచ్చు కూడా. కానీ హామీ ఉండదు. స్విచ్‌లో సీఆర్‌సీ లోపాల సంఖ్య మెల్లగా పెరుగుతుంటే, అది మాడ్యూలు తప్పో కేబుల్ తప్పో ఎవరూ తేల్చి చెప్పలేరు.

6.4 ఓఎం4 వేస్తే సరిపోదా?

10 గిగాబిట్ వరకు సరిపోతుంది, 90 మీటర్లు మిగులు కూడా ఉంటుంది. అయితే 40 గిగాబిట్ ఎస్ఆర్4కు ఓఎం4 మీద 150 మీటర్లు, 100 గిగాబిట్ ఎస్ఆర్4కు 100 మీటర్లే ప్రమాణం. పైగా ఆ మాడ్యూళ్లకు రెండు కాదు, ఎనిమిది తంతువులు కావాలి. గ్రంథాలయానికి 100 గిగాబిట్ దేనికని నవ్వవచ్చు. ఒకప్పుడు 1 గిగాబిట్‌ను చూసి కూడా అలాగే నవ్వారు.

ధర విషయంలో చాలామందికి తలకిందుల అభిప్రాయం ఉంది. సింగిల్‌మోడ్ ఖరీదైనదన్న మాట మాడ్యూళ్ల గురించినది, కేబుల్ గురించినది కాదు. టెలిఫోను కంపెనీలు, ఇంటింటికీ ఇంటర్నెట్ ఇచ్చేవారు వేసేదంతా సింగిల్‌మోడే కాబట్టి అది పెద్ద మొత్తంలో తయారవుతుంది. మీటరు లెక్కన ఓఎం3, ఓఎం4ల కంటే సాధారణంగా చౌకగానే దొరుకుతుంది. ఎల్ఆర్ మాడ్యూలు ఎస్ఆర్ కంటే ఎక్కువ ధర పలికే మాట నిజమే. కానీ రెండు భవనాల మధ్య లింకుకు కావలసినవి రెండే మాడ్యూళ్లు. ఒకే గదిలో వందల లింకులు ఉండే డేటా సెంటరులో ఆ తేడా వంద రెట్లవుతుంది కాబట్టి అక్కడ మల్టీమోడ్‌కు న్యాయం ఉంది.

ఇంకొక మాట, ఇది పాఠ్యపుస్తకాల్లో కనబడదు. మన పట్టణాల్లో ఫైబర్ తెగితే అతికించడానికి వచ్చేది తరచుగా ఇళ్లకు కనెక్షన్లు ఇచ్చే టెక్నీషియనే. అతని సంచిలో ఉండే పిగ్‌టెయిళ్లు సింగిల్‌మోడ్‌వి. కేబుల్ కూడా అదే రకమైతే మరమ్మతు ఆ పూటకే అవుతుంది.

ఈ కారణాలన్నిటి వల్ల మన కళాశాలకు రెండో కొటేషన్ సరైనది. ఒక్క మార్పు అవసరం. లింకుకు రెండు తంతువులే కావాలి గదా అని 2 కోర్ లేదా 4 కోర్ కేబుల్ వేయకూడదు. ఖర్చంతా కందకానిదే. 12 కోర్ ఆర్మర్డ్ కేబుల్‌ను హెచ్‌డీపీఈ పైపులో వేయించి, రెండు చివరలా ఎల్‌ఐయూ పెట్టెలో అన్ని కోర్‌లకూ పిగ్‌టెయిళ్లు అతికించమనాలి.

6.5 మాడ్యూలును జతపరచడం

స్విచ్‌లో ఖాళీగా ఉండే చిన్న గూడులో పెట్టే మాడ్యూలే ఎస్‌ఎఫ్‌పి. విద్యుత్ సంకేతాన్ని కాంతిగా, కాంతిని తిరిగి విద్యుత్ సంకేతంగా మార్చడం దాని పని. ఎస్‌ఎఫ్‌పి 1 గిగాబిట్‌కు, అదే ఆకారంలో ఉండే ఎస్‌ఎఫ్‌పి ప్లస్ 10 గిగాబిట్‌కు. ఆకారం ఒకటే కావడంతో ఏది ఎందులోనైనా దూరుతుంది. 10 గిగాబిట్ గూడులో 1 గిగాబిట్ మాడ్యూలు చాలా స్విచ్‌లలో పనిచేస్తుంది. 1 గిగాబిట్ గూడులో 10 గిగాబిట్ మాడ్యూలు మాత్రం పనిచేయదు. రాగి కేబుల్‌లో మాదిరిగా ఈ ఫైబర్ మాడ్యూళ్లు తమలో తాము మాట్లాడుకుని వేగం తగ్గించుకోవు. కాబట్టి రెండు చివరలా వేగం ఒకటే కావాలి.

తరంగదైర్ఘ్యమూ కలవాలి. ఎస్ఎక్స్, ఎస్ఆర్ మాడ్యూళ్లు 850 నానోమీటర్ల కాంతిని వాడతాయి, అవి మల్టీమోడ్ కోసం. ఎల్ఎక్స్, ఎల్ఆర్ మాడ్యూళ్లు 1310 నానోమీటర్లను వాడతాయి, అవి ప్రధానంగా సింగిల్‌మోడ్ కోసం. ఒక చివర ఎల్ఎక్స్, మరో చివర ఎస్ఎక్స్ పెడితే లింకు రాదు. 850 కోసం తయారైన రిసీవరుకు 1310 కాంతి కనబడదు. స్టోరులో పాత మాడ్యూళ్లు కలిసిపోయి ఉన్నప్పుడు ఈ పొరపాటు జరుగుతుంది కాబట్టి పెట్టే ముందు లేబుల్ మీద తరంగదైర్ఘ్యం చదవడం అలవాటు చేసుకోండి.

బైడీ అనే రకం మాడ్యూళ్లు ఒకే తంతువు మీద రెండు దిశల్లోనూ పనిచేస్తాయి. ఉదాహరణకు ఒకటి 1310తో పంపి 1490ని అందుకుంటుంది. అటువైపుది తప్పనిసరిగా 1490తో పంపి 1310ని అందుకునేది కావాలి. ఇక్కడ రెండు చివరలా ఒకే మాడ్యూలు పెడితేనే తప్పవుతుంది. కోర్‌లు మిగలని పాత కేబుళ్లలో ఇవి ఆదుకుంటాయి. మనకు 12 కోర్‌లున్నాయి కాబట్టి వీటి అవసరం లేదు.

ఇక ప్యాచ్ కార్డు. ఎల్‌ఐయూ నుంచి స్విచ్‌కు వెళ్లే ఈ చిన్న తీగ కూడా కేబుల్ రకానిదే కావాలి. లోపలి తీగల్లో సింగిల్‌మోడ్ పసుపు, ఓఎం3 లేత నీలి ఆకుపచ్చ, పాత ఓఎం1, ఓఎం2 నారింజ రంగుల్లో ఉంటాయి. బయట వేసే కేబుల్ మాత్రం ఏ రకమైనా నల్లగానే ఉంటుంది. దాన్ని రంగు చూసి గుర్తించలేం, తొడుగు మీద అచ్చువేసిన రాతను చదవాలి. అందుబాటులో ఉంది గదా అని సింగిల్‌మోడ్ లింకులో నారింజ కార్డు పెడితే ఏమవుతుందో లెక్కవేద్దాం. 50 మైక్రాన్ల కోర్ అంతటా పరుచుకున్న కాంతి 9 మైక్రాన్ల కోర్‌లోకి దూరాలి. వైశాల్యాల నిష్పత్తి:

(9/50)² = 0.0324

నూటికి మూడు వంతుల కాంతే లోపలికి వెళ్లింది. డెసిబెళ్లలో ఇది 10 log 0.0324, అంటే దాదాపు 15 డెసిబెళ్ల నష్టం. ఎల్ఎక్స్ లింకు మొత్తం భరించగలిగేది ఎంతో చూస్తే ఇది ఎంత పెద్దదో తెలుస్తుంది.

6.6 నష్టం లెక్క

మన లింకులో కాంతి ఎంత తగ్గవచ్చో అధ్వాన విలువలతో వేద్దాం. సింగిల్‌మోడ్‌లో 1310 వద్ద కిలోమీటరుకు 0.4 డెసిబెల్, ఒక్కో కనెక్టర్ జతకు 0.75, ఒక్కో అతుకుకు 0.3 తీసుకుంటారు. మనకు రెండు ఎల్‌ఐయూల వద్ద రెండు కనెక్టర్ జతలు, రెండు అతుకులు ఉన్నాయి.

0.31 × 0.4 + 2 × 0.75 + 2 × 0.3 = 0.12 + 1.5 + 0.6 = 2.22 డెసిబెల్

ఎల్ఎక్స్ మాడ్యూలు సింగిల్‌మోడ్‌లోకి కనీసం −11 డీబీఎం పంపాలి, −19 డీబీఎం వరకు అందుకోగలగాలి. భరించగలిగే నష్టం 8 డెసిబెళ్లు. రేపు పెట్టబోయే ఎల్ఆర్‌కు ఈ విలువలు −8.2, −14.4. భరించగలిగేది 6.2 డెసిబెళ్లు. రెండింటికీ మన 2.22 హాయిగా సరిపోతుంది. నష్టంలో తంతువు వాటా ఎంత చిన్నదో గమనించండి. 310 మీటర్ల గాజు 0.12 తింటే, రెండు కనెక్టర్ జతలు 1.5 తిన్నాయి. చిన్న లింకుల్లో తగాదా ఎప్పుడూ కొసల వద్దే.

ఎక్కువ దూరం వెళ్లే మాడ్యూలు కొంటే ఇంకా మంచిది గదా అన్న ఆలోచన ఇక్కడ ప్రమాదకరం. 40 కిలోమీటర్ల 10 గిగాబిట్ ఈఆర్ మాడ్యూలు +4 డీబీఎం వరకు పంపవచ్చు, దాని రిసీవరు భరించేది −1 డీబీఎం వరకే. మధ్యలో 2 డెసిబెళ్లే తగ్గితే రిసీవరుకు అతి ప్రకాశం అందుతుంది. లింకు సరిగా నడవదు, రిసీవరు పాడైపోయే అవకాశమూ ఉంది. అటెన్యుయేటర్ పెట్టి కాంతిని తగ్గించవచ్చు. కానీ ఎక్కువ ధర పెట్టి తెచ్చిన కాంతిని మళ్లీ డబ్బు పెట్టి పారబోయడం దేనికి? ఎల్ఆర్‌లో పంపే గరిష్ఠం, అందుకోగల గరిష్ఠం రెండూ +0.5 డీబీఎమే కాబట్టి చిన్న లింకులో కూడా ఆ చిక్కు లేదు.

6.7 పచ్చదీపం వెలిగినా

పని పూర్తయింది, లింకు వచ్చింది. బిల్లు మీద సంతకం పెట్టే ముందు మాడ్యూలునే అడగాలి. చాలా మాడ్యూళ్లు తాము పంపే, అందుకునే కాంతిని తామే కొలిచి చెబుతాయి. చాలా స్విచ్‌లలో `show interfaces transceiver` వంటి ఆదేశంతోను, లైనక్స్ యంత్రంలో `ethtool -m` తోను ఆ విలువలు చూడవచ్చు. గ్రంథాలయం చివర ఇలా కనబడిందనుకోండి:

```
Laser output power                    : 0.2630 mW / -5.80 dBm
Receiver signal average optical power : 0.0407 mW / -13.90 dBm
```

పరిపాలనా భవనం చివర పంపేది −6.00, అందుకునేది −7.10 అని ఉంది. గ్రంథాలయం నుంచి వచ్చే దిశలో నష్టం 7.10 − 5.80 = 1.3 డెసిబెళ్లు. బాగుంది, మన 2.22 కంటే తక్కువే. అటు వెళ్లే దిశలో 13.90 − 6.00 = 7.9 డెసిబెళ్లు! ఎల్ఎక్స్ −19 వరకు అందుకోగలదు కాబట్టి దీపం వెలుగుతూనే ఉంది. కానీ రేపు ఎల్ఆర్ పెడితే, అది భరించే 6.2ను ఈ ఒక్క తంతువే దాటేస్తుంది. అప్పుడు అందరూ కొత్త మాడ్యూలును తిడతారు.

ఒక దిశ బాగుండి మరో దిశ బాగాలేదంటే తప్పు కేబుల్ మొత్తానిది కాదు, ఒక్క తంతువుది. మొదట ఆ తంతువు కనెక్టర్లను శుభ్రపరిచే పెన్నుతో తుడిచి మళ్లీ కొలవాలి. 9 మైక్రాన్ల కోర్‌కు దుమ్ము రేణువు బండరాయి లాంటిది. తుడిచినా మారకపోతే ఎల్‌ఐయూ మూత తీసి కనెక్టర్ రంగు చూడండి. మన ఉదాహరణలో దొరికిన దొంగ అదే: టెక్నీషియన్ వద్ద నీలి పిగ్‌టెయిళ్లు అయిపోయి, ఒక కోర్‌కు ఇళ్ల కనెక్షన్లలో వాడే ఆకుపచ్చది అతికించాడు. ఆకుపచ్చ కనెక్టర్ కొస 8 డిగ్రీల వాలుగా చెక్కి ఉంటుంది, నీలిది వాలు లేకుండా ఉంటుంది. రెండూ ఎదురుపడితే మధ్యలో గాలి సందు మిగిలి కాంతి పోతుంది. రెండూ సింగిల్‌మోడే, రెండూ పసుపు తీగలే, అయినా జత కుదరదు. నీలి పిగ్‌టెయిల్ మళ్లీ అతికించాక ఆ దిశలో నష్టం 1.4 డెసిబెళ్లకు వచ్చింది.

లింకు అసలే రాకపోతే మొదట చేయవలసింది ప్యాచ్ కార్డు రెండు కొసలను ఒక చివర తారుమారు చేసి చూడటం. ఇక్కడ పంపేది అక్కడ అందుకునే రంధ్రానికి చేరాలి గదా. కాంతి వస్తోందా అని రంధ్రంలోకి కన్ను పెట్టి చూడవద్దు. 1310 కాంతి కంటికి కనబడదు, ఫోను కెమెరాలోనూ సాధారణంగా కనబడదు, అయినా కంటికి హాని చేయగలదు. మాడ్యూలు బాగానే ఉన్నా స్విచ్ తన కంపెనీది కాదని తిరస్కరించే సందర్భాలూ ఉన్నాయి. అప్పుడు ఆ సంగతి స్విచ్ లాగ్‌లో రాసి ఉంటుంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

ప్రశ్న: అదే ఆవరణలోని వసతి గృహానికి ఏళ్ల కిందటే వేసిన ఓఎం2 కేబుల్ భూమిలో ఉంది. దారి పొడవు 420 మీటర్లు. ప్రస్తుతం 1 గిగాబిట్ చాలు. కొత్త కేబుల్ వేయాలా?

జవాబు: ఇప్పటికి అక్కరలేదు. 1 గిగాబిట్ ఎస్ఎక్స్ 50 మైక్రాన్ల ఫైబర్ మీద 550 మీటర్లు వెళుతుంది కాబట్టి రెండు చివరలా ఎస్ఎక్స్, 50 మైక్రాన్ల మల్టీమోడ్ ప్యాచ్ కార్డులు చాలు. అయితే కొనే ముందు తొడుగు మీది రాతను చదవాలి. అది ఓఎం2 కాక 62.5 మైక్రాన్ల ఓఎం1 అయితే ఎస్ఎక్స్ హద్దు 275 మీటర్లే. అప్పుడు 550 మీటర్ల వరకు వెళ్లగల ఎల్ఎక్స్‌ను, దానికోసం ప్రత్యేకంగా చేసిన మోడ్ కండిషనింగ్ ప్యాచ్ కార్డుతో రెండు చివరలా వాడాలి. 10 గిగాబిట్ కావలసిన రోజున మాత్రం ఈ కేబుల్ ఏ రకమైనా పనికిరాదు. కాబట్టి ఆ దారిలో మరే పనికైనా కందకం తవ్వితే, అందులో ఒక ఖాళీ పైపు వేయించమని ముందే అడిగి ఉంచాలి.